కొరియర్‌లో పార్సిల్ ఆగితే కస్టమర్‌కి ఏ రోజు ఏ మెసేజ్ పెట్టాలి

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి నుంచే చీరలు అమ్ముతాను, వాట్సాప్‌లోనే ఆర్డర్లు. కొరియర్ వాళ్లు లేటు చేసినా, పార్సిల్ పోగొట్టినా కస్టమర్‌కి ఏం చెప్పాలో తెలియట్లేదు. "కొంచెం ఓపిక పట్టండి మేడమ్" అని పెడితే ఇంకా కోపం వస్తోంది వాళ్లకి. మెసేజ్ ఎలా రాయాలి?

జవాబు:

"ఓపిక పట్టండి" అన్న మాటలో కస్టమర్‌కి కొత్తగా తెలిసేదేమీ లేదండి. పార్సిల్ ఎక్కడుందో, మీరేం చేస్తున్నారో, తన డబ్బు ఏమవుతుందో అందులో ఉండదు. అందుకే కోపం. ఆగిన పార్సిల్ గురించి పెట్టే ప్రతి మెసేజ్‌లో నాలుగు విషయాలు ఉండాలి: చివరిసారి ఎక్కడ, ఏ రోజు స్కాన్ అయింది, దాని మీద మీరు ఏం చేశారు, మళ్లీ ఏ రోజు, ఎన్నింటికి మీరే చెప్తారు, అప్పటికీ తేలకపోతే ఏం చేస్తారు. వీటిలో ఎక్కువమంది వదిలేసేది నాలుగోది. అదొక్కటి ముందే చెప్పేస్తే కస్టమర్ రోజుకు మూడుసార్లు అడగడం చాలావరకు తగ్గుతుంది.

మెసేజ్ రాసేముందు ట్రాకింగ్‌ను సరిగ్గా చదవాలి. తప్పులు అక్కడే మొదలవుతాయి. `Manifested` లేదా `Pickup Pending` అని ఉంటే లేబుల్ మాత్రమే తయారైందని, సరుకు ఇంకా కొరియర్ చేతికి వెళ్లలేదని అర్థం. ఆ దశలో "పంపేశాం" అని మెసేజ్ పెడితే, కస్టమర్ ఆ రోజు నుంచే రోజులు లెక్కపెట్టుకుంటారు. పికప్ మర్నాటికి జారితే మీ మాట అప్పుడే తప్పినట్టు. `In Transit` అన్న మాట ఇంకా మోసం చేస్తుంది. లారీలో వెళ్తున్న పార్సిల్‌కీ, హబ్‌లో ఓ మూల పడి ఉన్న పార్సిల్‌కీ తెర మీద అదే మాట కనిపిస్తుంది. కాబట్టి స్టేటస్ పేరును పక్కన పెట్టి, దాని కింద ఉన్న చివరి స్కాన్ తేదీ, సమయం, ఊరు చూడండి. కస్టమర్‌కి రాయాల్సింది కూడా అవే.

స్కాన్ ఎందుకు ఆగిపోతుందో తెలిస్తే మెసేజ్‌లో ఏ మాట వాడాలో తెలుస్తుంది. పార్సిళ్లు విడివిడిగా ప్రయాణించవు. హబ్‌లో ఒక ఊరివైపు వెళ్లేవన్నీ ఒక పెద్ద సంచిలో వేసి, సంచికి సీలు వేసి పంపుతారు. దారిలో స్కాన్ అయ్యేది సంచే. ఆ సంచి పొరపాటున వేరే ఊరి లారీ ఎక్కితే, ఎక్కడో విప్పేదాకా మీ పార్సిల్‌కు ఒక్క స్కాన్ కూడా పడదు. రెండు మూడు రోజుల మౌనానికి చాలాసార్లు కారణం ఇదే, పార్సిల్ క్షేమంగానే ఉంటుంది. రెండో కారణం కొంచెం ఇబ్బందికరమైనది: లేబుల్ చిరిగిపోవడమో, తడిసి బార్‌కోడ్ చదవకుండా పోవడమో. అప్పుడు అది ఎవరిదో తెలియని సరుకు కింద హబ్‌లో పక్కన పడుంటుంది. దాన్ని బయటికి తీయాలంటే లోపల ఏముందో వర్ణించగలగాలి. అందుకే ప్యాక్ చేసేటప్పుడు అడ్రస్, ఫోన్ నంబరు రాసిన రెండో చీటీ లోపల కూడా పెట్టండి, చీరకూ ప్యాకెట్‌కూ ఒక్కో ఫొటో తీసుకోండి. పోయిన పార్సిల్‌ను వెతికించేటప్పుడు "ఒక చీర" అనడం కన్నా "ఆకుపచ్చ పోచంపల్లి, ఎర్ర అంచు, నల్ల కవరు, 720 గ్రాములు" అని రాయడం చాలా పనికొస్తుంది.

అంటే మౌనంగా ఉన్న పార్సిల్‌ను మొదటి మెసేజ్‌లోనే "పోయింది" అనకూడదు, "వచ్చేస్తుంది" అని కూడా అనకూడదు. రెండూ మీకు తెలియవు. మీకు తెలిసింది "ఫలానా రోజు తర్వాత స్కాన్ పడలేదు" అన్నది మాత్రమే. అదే రాయండి.

ఒక ఉదాహరణతో రోజులవారీగా చూద్దాం. చీర ధర 3,400 రూపాయలు, కొరియర్ ఖర్చు 100, కస్టమర్ మొత్తం 3,500 ముందే యూపీఐలో కట్టేశారు. పార్సిల్ రాజమండ్రికి వెళ్లాలి. 3వ తేదీ సోమవారం సాయంత్రం పికప్ అయింది. 8వ తేదీ శనివారం లోపు అందుతుందని మీరు చెప్పారు. 4వ తేదీ మంగళవారం తెల్లవారుజామున మేడ్చల్ హబ్‌లో స్కాన్ పడింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ చీర కస్టమర్‌కి 16వ తేదీ ఆదివారం గృహప్రవేశానికి కావాలి.

ఈ చివరి వాక్యం మీకు తెలిసి ఉండాలి. ఆర్డర్ తీసుకునేటప్పుడే "ఏ తేదీకి కావాలండీ?" అని అడిగి రాసుకోండి. ఆలస్యం ఎంత పెద్దదో కొరియర్ లెక్కను బట్టి కాకుండా ఆ తేదీని బట్టి తెలుస్తుంది.

మొదటి మెసేజ్ 6వ తేదీ గురువారం వెళ్లాలి. చివరి స్కాన్ పడి 48 గంటలు దాటింది, చెప్పిన గడువుకు ఇంకా రెండు రోజులుంది. గడువు తప్పాక కస్టమర్ అడిగితే చెప్పడం వేరు, తప్పకముందే మీరు చెప్పడం వేరు. హబ్‌లలో స్కాన్లు ఎక్కువగా రాత్రిపూట పడతాయి కాబట్టి ఉదయం తొమ్మిది పది మధ్య ట్రాకింగ్ చూసి, కొరియర్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరు చేతిలో పెట్టుకుని రాయండి:

> లక్ష్మిగారూ, నమస్తే. మీ ఆకుపచ్చ పోచంపల్లి చీర పార్సిల్ (ట్రాకింగ్ నంబరు ____) 4వ తేదీ మంగళవారం మేడ్చల్ హబ్‌లో స్కాన్ అయింది. ఆ తర్వాత స్కాన్ పడలేదు. 8వ తేదీకి అందుతుందని చెప్పాను, ఆలస్యం కావచ్చు. ఈ రోజు ఉదయం కొరియర్‌లో ఫిర్యాదు పెట్టాను (ఫిర్యాదు నంబరు ____). 8వ తేదీ శనివారం సాయంత్రం 6 లోపు నేనే మీకు మెసేజ్ చేస్తాను. చీర మీకు 16కి కావాలని గుర్తుంది. ఆ రోజుకి మీ చేతిలో చీర ఉండేలా చూసే బాధ్యత నాది.

ఇందులో "సారీ" లేదని గమనించారా? ఉండకూడదని కాదు. ఒక్కసారి చాలు, అదీ గడువు నిజంగా దాటిన రోజు. ప్రతి మెసేజ్‌కూ ముందు "చాలా చాలా సారీ మేడమ్" అని పెడితే అసలు విషయం నాలుగో లైనుకు జారుతుంది, చదివేవాళ్లకు ఏదో దాస్తున్నారనిపిస్తుంది. "మా తప్పేమీ లేదు, కొరియర్ వాళ్లదే" అన్న వాక్యం మాత్రం ఎప్పుడూ వద్దు. కస్టమర్ డబ్బు కట్టింది మీకు. కొరియర్‌ను ఎంచుకున్నదీ, వాళ్లకు డబ్బు కట్టిందీ మీరు. కస్టమర్ కాల్ సెంటర్‌కి ఫోన్ చేసినా "పంపినవాళ్లను ఫిర్యాదు పెట్టమనండి" అనే చెప్తారు. కాబట్టి కొరియర్ నంబరు ఇచ్చి "మీరే కనుక్కోండి" అనడమంటే వాళ్లను ఒక చుట్టు తిప్పి మళ్లీ మీ దగ్గరికే పంపడం.

ఇప్పుడు అసలు లెక్క. పార్సిల్ పోయిందని కొరియర్ అధికారికంగా ఒప్పుకునేదాకా ఆగితే గృహప్రవేశం అయిపోతుంది. వాళ్ల వెతుకులాట, మెయిళ్లు, "దర్యాప్తులో ఉంది" అన్న జవాబులు వారాలు పట్టొచ్చు. అందుకని పోయినట్టుగా లెక్కగట్టే తేదీని మీరే పెట్టుకోవాలి, కస్టమర్‌కి కూడా ముందే చెప్పాలి. దాన్ని వెనక నుంచి లెక్కకట్టండి. చీర 16కి కావాలి, జాకెట్టు పని ఏదైనా ఉందేమో అడిగి, ఒక రోజు అదనంగా పెట్టుకుంటే 14కి చేరాలి. ఎక్స్‌ప్రెస్ సర్వీసులో పంపితే మూడు రోజులు అనుకుందాం. అంటే పోయినదాని బదులు పంపే రెండో చీర 11వ తేదీ మంగళవారం ఉదయం బయల్దేరాలి. కాబట్టి తేల్చుకోవాల్సిన గడువు 10వ తేదీ సోమవారం సాయంత్రం. ఫంక్షన్ తేదీ ఏదీ లేని మామూలు ఆర్డర్లకు, చివరి స్కాన్ నుంచి 7 రోజులు అని ఒక నియమం పెట్టుకుంటే సరిపోతుంది. దూరపు ఊళ్లకు, కొండ ప్రాంతాలకు 10.

8వ తేదీ శనివారం సాయంత్రం మెసేజ్, కొత్త కబురు లేకపోయినా వెళ్లాల్సిందే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, చెప్పడానికి ఏమీ లేదు కదా అని. మాట ఇచ్చిన సమయానికి మెసేజ్ రాకపోతే, 6వ తేదీ రాసిన మంచి మెసేజ్ కూడా అబద్ధం అయిపోతుంది.

> లక్ష్మిగారూ, ఈ రోజు సాయంత్రం 6 వరకు కూడా పార్సిల్‌కు కొత్త స్కాన్ పడలేదు. చెప్పిన గడువు దాటింది, క్షమించండి. కొరియర్ వాళ్లు హబ్‌లో వెతుకుతున్నామన్నారు. నేను 10వ తేదీ సోమవారం సాయంత్రం 5 వరకే చూస్తాను. అప్పటికీ జాడ లేకపోతే పార్సిల్ పోయినట్టే లెక్క. అప్పుడు మీ ఇష్టం: ఇదే రంగు చీర ఇంకొకటి నా ఖర్చుతో 11న పంపిస్తాను, లేదా మొత్తం 3,500 వెనక్కి పంపిస్తాను. ఏది కావాలో సోమవారం లోపు చెప్పండి చాలు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. "ఇదే రంగు ఇంకొకటి" అని రాసేముందు ఆ చీర నిజంగా మీ దగ్గర ఉందో లేదో చూసి పక్కన పెట్టేయండి. మగ్గం చీరల్లో అచ్చం అలాంటిదే దొరకదు, కాబట్టి ఉన్నదాని ఫొటో పగటి వెలుతురులో తీసి అదే మెసేజ్ కింద పెట్టండి. రెండోది, రిఫండ్ అంటే చీర ధరతో పాటు కస్టమర్ కట్టిన కొరియర్ ఖర్చు కూడా. 3,400 పంపి 100 మిగుల్చుకుంటే, ఆ వంద గురించి నడిచే వాదన మీకు వంద కన్నా ఎక్కువే ఖర్చవుతుంది.

సోమవారం 5 గంటలకు ఏమీ తేలలేదు. కస్టమర్ చీరే కావాలన్నారు. ఇక్కడ మెసేజ్ చిన్నగా ఉండాలి, ఎందుకంటే చెప్పాల్సిందంతా శనివారమే చెప్పేశారు:

> లక్ష్మిగారూ, పాత పార్సిల్ దొరకలేదు. రెండో చీర రేపు 11న ఉదయం పంపిస్తున్నాను, కొత్త ట్రాకింగ్ నంబరు పికప్ అయ్యాక పెడతాను. 14వ తేదీ శుక్రవారం లోపు అందాలి. ఒకవేళ పాత పార్సిల్ కూడా మీ ఇంటికి వస్తే, తీసుకోకుండా నాకొక ఫోన్ చేయండి. పొరపాటున తీసుకున్నా ఫర్వాలేదు, వెనక్కి తెప్పించుకునే ఖర్చు నాదే.

చివరి రెండు వాక్యాలు తప్పనిసరి. సంచి దొరికి, పాత పార్సిల్ పది రోజుల తర్వాత నింపాదిగా వెళ్లి తలుపు తట్టడం అరుదేమీ కాదు. ముందే చెప్పి ఉంటే అది మామూలు విషయం. చెప్పకపోతే రెండు చీరల లెక్క మీద ఇద్దరికీ ఇబ్బంది.

తేదీ మరీ దగ్గరపడితే ఇంకో దారి ఉంది. ఎంజీబీఎస్‌లో ఆర్టీసీ కార్గో కౌంటర్‌లో ఇస్తే బస్సు మీద వెళ్తుంది, సాధారణంగా మర్నాటికి ఆ ఊరి బస్టాండుకు చేరుతుంది. మీకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో ఒకే లైను. కానీ కస్టమర్ వెళ్లి కౌంటర్‌లో తీసుకోవాల్సి రావచ్చు, కాబట్టి పంపేశాక చెప్పకండి. "బస్టాండుకు వెళ్లి తెచ్చుకోవడం మీకు వీలవుతుందా?" అని ముందే అడగండి.

కస్టమర్ రిఫండ్ అడిగితే మాటల్లో తేడా చాలా ముఖ్యం. మీరే యూపీఐలో నేరుగా పంపితే "పంపించాను, రిఫరెన్స్ నంబరు ఇది" అని 12 అంకెల నంబరు రాయండి, స్క్రీన్‌షాట్ పెట్టండి. పేమెంట్ గేట్‌వే ద్వారా వచ్చిన డబ్బైతే "రిఫండ్ ఈ రోజు మొదలుపెట్టాను, మీ ఖాతాలో కనపడటానికి కొన్ని పనిదినాలు పడుతుంది" అని రాసి, మీ గేట్‌వే చెప్పే రోజుల లెక్క వేయండి. మొదలుపెట్టి మాత్రమే ఉండి "పంపించాను" అని రాస్తే, మర్నాడు ఉదయమే "రాలేదు" అని ఫోన్ వస్తుంది, అందులో న్యాయం వాళ్లదే.

డబ్బు మాట వచ్చింది కాబట్టి మోసాల సంగతి. "మీ పార్సిల్ ఆగిపోయింది, అడ్రస్ సరిచేయడానికి ఈ లింకులో అయిదు రూపాయలు కట్టండి" అన్న దొంగ మెసేజ్‌లు ఇండియా పోస్ట్ పేరుతోనూ కొరియర్ల పేరుతోనూ ఎన్నో తిరుగుతున్నాయి. మీ నిజమైన ఆలస్యం మెసేజ్ కూడా చూడ్డానికి అలాగే ఉంటుందన్నది మర్చిపోకండి. అందుకే మీ మెసేజ్‌లో లింకు వద్దు, ట్రాకింగ్ నంబరు మాత్రమే రాసి "కొరియర్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు" అనండి. ఏ చీర, ఏ రంగు, ఎంత కట్టారు అన్నవి రాస్తే మీరేనని గుర్తుపడతారు. రిఫండ్ మెసేజ్ కింద ఈ రెండు లైన్లు ఎప్పుడూ ఉంచండి:

> డబ్బు మీకు రావడానికి మీరు ఓటీపీ చెప్పక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. నా పేరుతో ఎవరైనా అవి అడిగితే ఇవ్వకండి, నాకు ఫోన్ చేయండి.

ఎవరైనా ఇప్పటికే అలా డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

`Undelivered` అని వచ్చినప్పుడు మాత్రం పైన చెప్పిన నెమ్మది పనికిరాదు, గంటల్లో కదలాలి. కారణం దగ్గర "కస్టమర్ ఇంట్లో లేరు" అని ఉంటుంది, కస్టమర్ మాత్రం రోజంతా ఇంట్లోనే ఉన్నానంటారు. డెలివరీ బాయ్ రాకుండానే అలా నమోదు చేయడం జరుగుతుంటుంది. నిజంగా ఫోన్ తగలకపోవడం కూడా జరుగుతుంది. ఎవరి మీదా నేరం మోపకుండా అడగండి: "డెలివరీకి వచ్చాం, మీరు దొరకలేదని కొరియర్ వాళ్లు రాశారు. మీకు ఫోన్ గానీ మెసేజ్ గానీ వచ్చిందా? రేపు ఏ సమయంలో ఇంట్లో ఉంటారు? ఇంటికి గుర్తు, ఇంకో ఫోన్ నంబరు పంపండి, ఈ సాయంత్రంలోగా కొరియర్‌కి ఎక్కిస్తాను." ఇలా ప్రయత్నాలు రెండు మూడు విఫలమైతే పార్సిల్ వెనక్కి మళ్లుతుంది. ట్రాకింగ్‌లో `RTO` పడ్డాక దాన్ని తిప్పడం దాదాపు కుదరదు, వెనక్కి వచ్చే ఖర్చు కూడా మీ మీదే.

`Delivered` అని ఉండి అందలేదంటే అదే రోజు ఫిర్యాదు పెట్టి, సంతకం లేదా ఫొటో రుజువు అడగండి. కస్టమర్‌ని వాచ్‌మన్‌ని, పక్కింటివాళ్లని కనుక్కోమనండి, కానీ "అందిందని చూపిస్తోంది కదా" అన్న మాట మీ నోట రాకూడదు. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లకు ఇవన్నీ తేలిక. డబ్బు వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి "ఆగుతారా, రద్దు చేయమంటారా?" అన్నది ఒక్కటే ప్రశ్న.

వాట్సాప్ బిజినెస్ యాప్ వాడుతుంటే ఈ మెసేజ్‌లను `Business tools` లో `Quick replies` కింద దాచుకోండి. చాట్‌లో `/` కొట్టి మీరు పెట్టిన చిన్న పేరు, ఉదాహరణకు `/aagindi`, టైప్ చేస్తే మొత్తం వచ్చేస్తుంది. పేర్లు, తేదీలు, నంబర్లు ఉన్నచోట ఖాళీ గీతలే ఉంచండి. పాత కస్టమర్ పేరు అలాగే ఉండిపోయి ఇంకొకరికి వెళ్లడం ఇలాంటి మెసేజ్‌లలో అన్నిటికన్నా నష్టం చేసే పొరపాటు. గీత కనపడితే పంపకూడదు అనుకుంటే అది జరగదు. వానలకో, సంక్రాంతి రద్దీకో ఒకేసారి ఇరవై పార్సిళ్లు ఆగినప్పుడు బ్రాడ్‌కాస్ట్ లిస్టు మీద ఆధారపడకండి. మీ నంబరు ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది, కొత్త కస్టమర్లు చేసుకుని ఉండరు. విడివిడిగానే పంపండి, మర్నాటికీ ఒకే టిక్ ఉంటే ఫోన్ చేయండి. వాయిస్ మెసేజ్ పెట్టాలనిపిస్తే పెట్టండి, పెద్దవాళ్లకు అదే నచ్చుతుంది, కానీ తేదీలు, మొత్తం డబ్బు మాత్రం రాతలో కూడా ఉండాలి. తర్వాత వెతికితే దొరికేది అదే.

గడువు మాట కూడా ఆలోచించి ఇవ్వండి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పిన గడువు దాటి సరుకు అందితే వెనక్కి తీసుకోవడానికి గానీ డబ్బు తిరిగి ఇవ్వడానికి గానీ అమ్మినవాళ్లు కాదనకూడదు. ఎవరి చేతిలోనూ లేని విపత్తు వల్ల ఆలస్యమైతేనే మినహాయింపు. కస్టమర్ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే మీరు ఏ తేదీ రాశారన్నది ముఖ్యమవుతుంది. రాజమండ్రికి మామూలుగా నాలుగు రోజులు పడుతుంటే "4 నుంచి 7 రోజులు" అని రాయండి.

కొరియర్ నుంచి పరిహారం రాబట్టడం వేరే పని, దాన్ని కస్టమర్ మెసేజ్‌లోకి తేకండి. "కొరియర్ వాళ్లు క్లెయిమ్ ఇచ్చాక మీకు పంపిస్తాను" అన్నది మీ ఇబ్బందిని కస్టమర్ నెత్తిన పెట్టడం. మీ వైపు మాత్రం ఫిర్యాదు ఫోన్లో కాకుండా మెయిల్‌లో పెట్టి, ట్రాకింగ్ నంబరు, బిల్లు, ప్యాకింగ్ ఫొటో, బరువు, చివరి స్కాన్ వివరం జతచేయండి. రసీదు వెనకో, ఒప్పందంలోనో క్లెయిమ్‌కు ఎన్ని రోజుల గడువుందో, ఎంతకు మించి ఇవ్వరో రాసి ఉంటుంది. బీమా చేయించని పార్సిల్‌కు ఆ పరిమితి చాలాసార్లు ఒక మంచి చీర ఖరీదుకు ఎంతో తక్కువ ఉంటుంది. ఈరోజే అది తీసి చదివి, ఏ ధర దాటిన చీరలకు బీమా చేయించాలో అంకె రాసి ప్యాకింగ్ బల్ల దగ్గర అంటించండి.